ఉభయకుశలోపరి: ఇంటికి రాసే కష్టమైన మాట

(నల్లగొండలో ఒక ఆదివారం పొద్దున, పీజీలు చదివే, కొత్తగ ఉద్యోగాలల్ల చేరిన యువతీయువకుల ముందు ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డు విని రాసినం. తడబాట్లు తీసేసినం, మాట తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనకున్నోళ్లకు వినపడుతుందా? ఫ్యాను చప్పుడు మస్తుంది. వినపడకపోతే చెయ్యెత్తుండ్రి, మొహమాట పడకుండ్రి.

నేను 31 ఏండ్లు సర్కారు బళ్లల్ల తెలుగు చెప్పిన. తెలుగు పంతులమ్మకు ఈ పెండ్లిళ్ల ముచ్చటెందుకు అని మీల సగం మందికి అనిపిస్తుంటది. నేను లాయరును కాదు, కౌన్సెలింగు చదువుకున్నదాన్నీ కాదు. కానీ ఎనిమిదో తరగతికి లేఖారచన చెప్పిన. గుర్తుందా మీకు, లేఖారచన? పరీక్షల ఐదు మార్కులకు వచ్చేది. ఇప్పుడు ఆ పిల్లలు పెద్దగయిండ్రు, హైదరాబాదుల ఉద్యోగాలు చేస్తుండ్రు, నాకు ఫోన్ చేస్తరు. "మేడం, ఇంటికి ఒక మెసేజ్ రాయాలె, కొంచెం చూడుండ్రి" అంటరు. మొదట ఒక పిల్ల వచ్చింది. ఆ పిల్ల ఇంకొకరికి చెప్పింది. ఇప్పటిదాంక పదకొండు మందికి చూసిన. పదకొండు మందిదీ ఒకటే సంగతి. వేరే కులమో, వేరే మతమో అయిన మనిషిని పెండ్లి చేసుకోవాలనుకుంటున్న, నాయినకు ఎట్ల చెప్పాలె మేడం?

చేసుకోవాల్నా వద్దా అన్నది నేను చెప్ప. నన్ను అడగకుండ్రి. ఆ మాటను ఫోన్ల ఎట్ల రాయాలె అన్నదొక్కటే నాకు తెలుసు. ఇవాళ అదొక్కటే మాట్లాడుకుందాం.

మొదట మన పాత ఉత్తరం కాడికి పోదాం. ఎట్ల మొదలయ్యేది? "పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి." ఈ ఉభయకుశలోపరిని మీరు నోటికి బట్టీ పట్టిండ్రు. ఎన్నడన్నా అర్థం చూసిండ్రా? ఉభయ అంటే రెండు దిక్కులు. కుశలం అంటే క్షేమం. ఉపరి అంటే ఆ మీదట. ఇక్కడ మేం మంచిగున్నం, అక్కడ మీరు మంచిగున్నరనుకుంటున్నం, ఆ మీదట సంగతి ఏందంటే, అని. అంత పని ఒక్క మాట చేసేది. ఎందుకు పెట్టిండ్రు మన పెద్దలు? ఆ రోజులల్ల ఇంటికి కార్డు వచ్చిందంటే గుండె దడదడమనేది. ఎవరికేమైందోనని. ముందుగాల ఆ దడ తగ్గించాలె. తగ్గినంకనే చదివే మనిషికి మిగతాది తలకెక్కుతది.

ఇప్పుడు చెప్పుండ్రి. పొద్దుకు "తిన్నవా", "ఆ తిన్న" అని తప్ప ఏం రాయని బిడ్డ కాడికెల్లి, ఒక రాత్రి ఫోన్ నిండ మెసేజ్ వస్తే ఇంట్ల ఏమనుకుంటరు? యాక్సిడెంటు అనుకుంటరు. ఉద్యోగం పోయిందనుకుంటరు. ఇంకా ఘోరమైనవి అనుకుంటరు. ఆ దడతోని చదివిన మనిషికి "పెండ్లి" అన్న మాట కనపడితే అది పదింతలయితది.

ఒక పిల్ల సంగతి చెప్త. పేరు చెప్ప, ఊరి పేరు కూడా చెప్ప. చండూరు దిక్కు. పద్మశాలీలు. నాయిన మగ్గం నేస్తడు. అమ్మ ఆసు పోస్తది, పొద్దందాక చెయ్యి అటూ ఇటూ తిప్పి తిప్పి సాయంత్రానికి భుజం లేవదు ఆమెకు. ఈ పిల్ల పెద్దది, హైదరాబాదుల ఉద్యోగం. చెల్లె ఇంటర్ చదువుతుంది, ఇంటికాడనే ఉంటది. పిల్లగాడు ఆఫీసుల పరిచయం. జడ్చర్ల దిక్కు ఊరు, కుర్మోళ్లు. ఇటు మగ్గం, అటు గొర్లు. ఇద్దరి ఇండ్లు ఒక్క తీరుగనే బతుకుతయి, కానీ పెండ్లి అనేటప్పటికి అది లెక్కకు రాదు, మీకు తెలుసు.

ఆ పిల్ల మెసేజ్ రాసి నాకు పంపింది. నాలుగు సార్లు పైకి జరిపితే గానీ అయిపోలేదు. అంత పొడుగు. మొదటి మాట ఏందో తెలుసా? "నాయినా, కోపం తెచ్చుకోకుండ్రి." ఏమయితది ఆ మాటతోని? కోపం వచ్చే సంగతి ఏదో ఉందని నువ్వే చెప్పినట్టయింది. ఆయనకు ఇంకా ఏం తెల్వదు, కోపం మాత్రం తయారయింది. ఆ తర్వాత మూడేండ్ల కథ. ఎట్ల పరిచయమైండ్రు, ఎవరు ముందు మాట్లాడిండ్రు, జ్వరమొస్తే ఎవరు మందులు తెచ్చిండ్రు. ఆ తర్వాత ఈ కాలంల కులం చూసుడేంది, ఫలానోళ్ల బిడ్డ చేసుకోలేదా, సినిమావోళ్లు చేసుకోలేదా అని. ఎక్కడో ఆఖరుకు, ఒక్క పక్కకు, పిల్లగాడు కుర్మ అని. మధ్యల "సారీ" ఏడు సార్లు. నేను లెక్కవెట్టిన, పంతులమ్మ బుద్ధి పోదు కదా.

అన్నిటికంటే పెద్దది ఇంకొకటి. ఆ మెసేజ్ మొత్తం ఇంగ్లీషు అక్షరాలల్ల తెలుగు! నేను అడిగిన, బిడ్డా, మీ నాయిన ఇది చదువుతడా అని. "చెల్లె చదివి చెప్తది మేడం" అంది. నేను కొంచెంసేపు ఊకున్న. ఆ మాటల ఎంతుందో చూడుండ్రి. మీరు రాసేది నాయిన ఒక్కడు చదువుకునేది కాదు. ఇంకొకరు గట్టిగ చదువుతుంటే ఇంట్ల అందరు వినేది. ఇంటర్ చదివే పదిహేడేండ్ల పిల్ల, అమ్మ నాయిన ముందట నిలబడి, అక్క ప్రేమ కథ బయటికి చదవాలె. ఆమె నోరు ఎట్ల వస్తది? సగం మింగుతది. మింగిన సగంల ఏముంటదో ఏమో.

అంతటితోని అయిపోతదా? ఆ మెసేజ్ మేనమామకు పోతది. చిన్నాయనకు పోతది. ఎవరో ఒకరు కుటుంబం గ్రూపుల కూడా పడేస్తరు. అందుకనే నేను పిల్లలకు ముందుగాల చెప్పేది ఇది. నువ్వు రాసిన ప్రతి వాక్యం నిన్నెరుగని ఒక పెద్దమనిషి, అద్దాలు పెట్టుకొని, కచీరు కాడ కూర్చొని చదువుతడనుకొని రాయి. నాయినకు నీ మీద ప్రేమ ఉంటది, నీ తప్పులు కడుపుల పెట్టుకుంటడు. ఆ పెద్దమనిషికి ఏముంటది?

సరే, ఇద్దరం కూర్చొని తిరగరాసినం. మూడు గంటలు పట్టింది, నడుమ రెండు సార్లు చాయ్. ఆ పిల్ల ఒప్పుకున్నది గనక మీకు చదివి వినిపిస్త.

"నాయినా, అమ్మా, నేను మంచిగున్న. హాస్టల్లనే ఉన్న. ఉద్యోగం మంచిగ నడుస్తుంది. కంగారు పడే సంగతి ఏం లేదు.

మీతోని ఒక మాట చెప్పాలె. ఫోన్ల చెప్దామంటే నాకు ఏడుపొస్తది, సగమే చెప్త. అందుకే రాస్తున్న.

నేను ఒక అబ్బాయిని పెండ్లి చేసుకోవాలనుకుంటున్న. మా ఆఫీసుల పని చేస్తడు, మూడేండ్ల నుంచి తెలుసు. జడ్చర్ల దగ్గర ఊరు. వాళ్లు కుర్మోళ్లు, మనోళ్లు కాదు. ఇది వేరేవాళ్లు చెప్తే మీకు ఇంకా బాధయితదని మొదలే చెప్తున్న. వాళ్ల నాయినకు గొర్లు, కొంచెం చేను ఉన్నయి. వాళ్లింట్ల కూడా అతను ఇవాళనే చెప్తుండు.

మేం పెండ్లి చేసుకోలేదు. మీకు చెప్పకుండ చేసుకోను.

చూసుడుకు వస్తమన్నోళ్లకు ఇప్పుడే మాట ఇయ్యకుండ్రి, అడుగుతున్న.

మీరు ఇప్పుడే ఏం చెప్పాల్సిన పని లేదు. శనివారం బస్సుకు ఇంటికొస్త. ఎదురుంగ కూర్చొని మీరు ఏమడిగినా చెప్త."

గంతే. తెలుగు అక్షరాలల్ల, ఒక్క తాపకు ఫోన్ల మొత్తం చదువుకునేటంత.

ఇందుల "ప్రేమ" అన్న మాట ఉందా? లేదు. దాచినమా? దాచలేదు. "మూడేండ్ల నుంచి తెలుసు, పెండ్లి చేసుకోవాలనుకుంటున్న" అంటే వాళ్లకు సమజ్ కాదా? అయితది. కానీ చెల్లె దాన్ని బయటికి చదవగలుగుతది. మేనమామ చదివినా అందుల నవ్వుకోనీకి ఏం దొరకదు.

కులం పేరు సాఫుగ రాసినం. ఇక్కడ చానమంది జంకుతరు. "మంచి కుటుంబం", "చదువుకున్నోళ్లు" అని రాసి, కులం మాత్రం తర్వాత చెప్దామని ఆపుతరు. అట్ల ఆపొద్దు. ఎందుకంటే ఆ మెసేజ్ చదివిన నిమిషానికి మన దిక్కు ఇంట్ల వచ్చే మొదటి ప్రశ్న ఏది? "వాళ్లేందోళ్లు?" ఆ ప్రశ్నకు జవాబు లేకపోతే వాళ్లే వెతుక్కుంటరు. పేరు పట్టుకుంటరు, ఊరు పట్టుకుంటరు, ఆ ఊళ్ల తెలిసినోనికి ఫోన్ కొడ్తరు. ఆ ఫోన్ తోని ముచ్చట ఊరు దాటుతది. నువ్వు చెప్పిన ఒక్క ముక్క ఆ ఫోన్‌ను కొన్నాళ్లన్నా ఆపుతది. అట్లనే మంచోళ్లు, గొప్పోళ్లు అని పొగడొద్దు. గొర్లు, చేను అని ఉన్నది చెప్పినం. పొగిడితే మీ కన్న వాళ్లు ఎక్కువ అన్నట్టు వినపడతది.

ఇంకొకటి, దీని మీద కొంచెంసేపు నిలబడత. "మీకు చెప్పకుండ చేసుకోను." ఈ వాక్యం కాడ ఆ పిల్లకు నాకు పెద్ద పంచాయితీ అయింది. ఆమె మొదలు రాసింది ఏందంటే, "మీరు ఒప్పుకుంటెనే చేసుకుంట." నేను అడిగిన, నిజమేనా బిడ్డా? రేపు నాయిన వద్దంటే, ఆ పిల్లగానికి రాంరాం చెప్పి, వాళ్లు చూపించినోన్ని చేసుకుంటవా? చానసేపు ఆలోచించి, "లేదు మేడం" అంది. మరి రాయకు. రాస్తే ఏమయితది? ఆర్నెల్ల తర్వాత అదే మెసేజ్ తీసి నీ ముందట పెడ్తరు. "నువ్వే కదా రాసింది" అంటరు. అప్పుడు నువ్వు అబద్ధమాడినట్టయితది. పోనీ అటు దిక్కు, "మీరు ఒప్పుకోకున్నా చేసుకుంట" అని రాస్తవా? అది నిజమే కావచ్చు, కానీ మొదటి రోజే తలుపు మూసినట్టు. ఆ మాటకు నాయిన చేసేది ఒకటే ఉంటది, ఎట్ల ఆపాల్నో చూసుడు. "మీకు చెప్పకుండ చేసుకోను" అన్నది నువ్వు నిలబెట్టుకోగలిగే మాట. రెండు దిక్కులా నిజం. పరువు పోతదని భయపడే ఇంటికి కావల్సింది కూడా అదే. పొద్దున లేచేసరికి పిల్ల గుడిల దండలు మార్చుకున్నదని ఎవడో ఫోటో పంపితే ఎట్ల అనే భయం వాళ్లది. ఆ భయానికి జవాబు ఆ ఒక్క వాక్యం.

మీరు, నువ్వు గురించి. మీల ఎంతమంది నాయినను "నువ్వు" అంటరు? ఎత్తుండ్రి చేతులు. చూసిండ్రా, సగం కంటే ఎక్కువ. మన దిక్కు అట్లనే అంటం, గౌరవం లేక కాదు. ఇరవై ఐదేండ్లు "నాయినా, నువ్వు తిన్నవా" అన్న పిల్ల ఒకరోజు పొద్దుగాల "గౌరవనీయులైన నాన్నగారూ, తమరు" అని రాస్తే ఆయనకు ఏమనిపిస్తది? బ్యాంకు నోటీసు వచ్చినట్టుంటది. బిడ్డ దూరమయిందనిపిస్తది. మీరు ఇంట్ల ఎట్ల పిలుస్తరో అట్లనే రాయుండ్రి. ఇక్కడ అమ్మానాయిన ఇద్దరికి కలిపి రాసినం గనక "మీరు" అన్నది నప్పింది. ఒక్క నాయినకే రాస్తే నువ్వనే రాద్దుము. బడి భాష కూడా వద్దు. నేనే బడి భాష చెప్పినదాన్ని, నేనే వద్దంటున్న.

"సారీ" ఒక్కటి కూడా పెట్టలేదు. బాధ పెడ్తున్నందుకు బాధ ఉంటది, అది ఎదురుంగ కూర్చున్నప్పుడు కండ్లల్ల కనపడతది. రాతల ఏడు సార్లు క్షమాపణ అడిగితే తప్పు చేసిన అని సంతకం పెట్టిచ్చినట్టే.

ఎప్పుడు పంపాలె? ఆ పిల్ల గురువారం రాత్రి ఎనిమిదింటికి పంపింది. ఎందుకంటే ఆ టైముకు మగ్గం ఆగుతది, అన్నాలు తింటరు, ఇద్దరూ ఇంట్ల ఉంటరు. పొద్దుగాల పంపితే నాయిన బండి మీద నూలుకు పోతుంటడు. దోవల చదివితే? నాకు ఆ భయం. శనివారం ఇంటికొస్త అన్నది, అంటే నడుమ ఒక్క రోజే. వారం పది రోజులు నడుమ పెడితే ఇంట్ల ఊహలు పెరుగుతయి, చుట్టాలు జమయితరు. అదే రోజు పిల్లగాడు కూడా వాళ్లింట్ల చెప్పిండు. రెండిండ్లకు ఒక్క రాత్రే తెల్వాలె. ఒక ఇంటికి ముందు తెలిసి, వాళ్లు ఇంకో ఇంటికి ఫోన్ చేసి "మీ పిల్ల మా పిల్లగాన్ని" అన్నరనుకో, అయిపాయె. నువ్వు ఎంత మంచిగ రాసినా ఇగ పనికిరాదు.

మరి ఏమయింది? జవాబు రాలేదు. శుక్రవారమంతా రాలేదు. పిల్ల నాకు గంటకోసారి ఫోన్. "చదివిండ్రు మేడం, నీలం టిక్కులు పడ్డయి, ఏం అంటలేరు, ఇంకొకటి పంపాల్నా?" పంపొద్దన్న. ఇక్కడనే చానమంది చెడగొట్టుకుంటరు. ఏమంటరో అనే గుబులుతోని రెండోది, మూడోది పంపుతరు. మొదటి దాంట్ల లేని మాటలన్నీ అందుల జారుతయి. వాళ్లకు నిజంగనే టైం కావాలె. శుక్రవారం రాత్రి అమ్మ ఒక్కసారి ఫోన్ చేసింది. ఏమడిగింది? "అన్నం తిన్నవా?" తిన్ననే అమ్మా అంది. అయిపోయింది, ఫోన్ పెట్టేసింది. ఆ పిల్ల నాకు ఏడ్సుకుంట చెప్పింది, అమ్మ ఏం అడగలేదు మేడం అని. నేను చెప్పిన, పిచ్చిదానా, అడిగింది కదనే.

శనివారం ఎల్బీనగర్ల బస్సెక్కి పోయింది. ఇంట్ల మేనమామ ఉన్నడు. చూసిండ్రా, మెసేజ్ ముందే పోయింది ఆయనకు. ఫోన్ల తీసి చదువుతుండు. నాయిన మగ్గం కాడ తల వంచుకొని కూర్చున్నడు. మేనమామ ఆ ఒక్క వాక్యం కాడ ఆగి, "మీకు చెప్పకుండ చేసుకోను అని రాసింది కదా బావా" అన్నడట. ఇంక తిట్టనీకి ఏం దొరకలేదు ఆయనకు.

కానీ నేను ఒకటి మర్చిపోయిన. మూడు గంటలు కూర్చొని కూడా మర్చిపోయిన. నాయిన తల ఎత్తి అడిగిన మొదటి ప్రశ్న కులం గురించి కాదు, పిల్లగాని జీతం గురించి కాదు. "చెల్లె పెండ్లి ఎట్లనే?" అన్నడు. ఆ పిల్ల కాడ జవాబు లేదు. చదివి వినిపించిన చెల్లె అక్కడనే నిలబడ్డది. తమ్ముడో చెల్లెలో పెండ్లికి ఉన్న ఇంట్ల ఇదే అసలు భయం, కులపోళ్లు రేపు ఈ ఇంటి పిల్లను అడుగుతరా అని. మెసేజ్‌ల అది రాయాల్సిన పని లేదు, కానీ ఇంటికి పోయేటప్పుడు దానికి నీ కాడ ఆలోచన ఉండాలె. ఆ తర్వాత వచ్చినోళ్లకు ముందు ఈ ప్రశ్ననే అడుగుతున్న. ఎంతకాలం ఆగగలుగుతవు? చెల్లె చదువు ఖర్చు నువ్వు పెట్టగలుగుతవా? చేసేదే చెప్పు, చెయ్యలేనిది చెప్పకు. ఈ పిల్ల ఆ రోజు ఒక మంచి పని చేసింది, నోటికొచ్చింది చెప్పలేదు. "ఆలోచించి చెప్త నాయినా" అంది.

తొమ్మిది నెలలు పట్టింది. చెల్లె డిగ్రీల చేరినంక చేసుకున్నరు. నాయిన రాలేదు. అమ్మ, మేనమామ వచ్చిండ్రు. నాయిన ఒక చీర పంపిండు, తను నేసింది. ఇప్పుడు పండుగలకు పోయొస్తుండ్రు, అల్లునితోని మాత్రం నాయిన ఎక్కువ మాట్లాడడట. ఇదేం సినిమా కాదు కదా, అన్నీ కలిసి రానీకి.

ఇప్పుడు మతం వేరయిన సంగతి. ఇద్దరూ హిందువులే, కులాలు వేరు అయితే 1955 హిందూ వివాహ చట్టం కింద పెండ్లి చేసుకొని రిజిస్టర్ చేయించుకోవచ్చు. మతాలు వేరయి, ఎవ్వరూ మతం మారొద్దనుకుంటే 1954 ప్రత్యేక వివాహ చట్టం. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలె. ఇద్దరిల ఒకరన్నా కనీసం 30 రోజుల నుంచి ఉంటున్న జిల్లాల వివాహాధికారికి నోటీసు ఇయ్యాలె. ఆ నోటీసును ఆఫీసుల అందరికీ కనపడేటట్టు అంటిస్తరు. 30 రోజులు ఆగాలె. తర్వాత ముగ్గురు సాక్షుల ముందట సంతకాలు.

నేను ఎందుకు చెప్తున్ననో వినుండ్రి. మహబూబ్‌నగర్ దిక్కు ఒక పిల్లగాడు, హిందువు. అమ్మాయి ముస్లిం. హైదరాబాదుల నోటీసు ఇచ్చిండు, ఇక్కడ ఎవరు చూస్తరులే అని. ఇంట్ల తర్వాత చెప్దామనుకున్నడు. కానీ చట్టంల ఏముందంటే, నోటీసు ఇచ్చిన మనిషి సొంతిల్లు వేరే జిల్లాల ఉంటే ఆ జిల్లా అధికారికి కూడా ఒక నకలు పోతది, అక్కడ కూడా అంటిస్తరు. ఆ కాగితం మహబూబ్‌నగర్ వచ్చింది. ఏదో పని మీద ఆఫీసుకు పోయిన ఊరాయన చూసిండు. సాయంత్రానికి బస్టాండు కాడ చాయ్ తాగుతున్న నాయినకు చెప్పిండు. నలుగురు కూర్చున్న చోట. కొడుకు చెప్పాల్సింది కాగితం చెప్పింది, అదీ ఊరోళ్ల ముందట. ఆ నాయిన నాతోని ఏమన్నడంటే, "పిల్ల ముస్లిం అయినందుకు నాకు పది రోజులు కోపముండె మేడం. నాకంటే ముందు చాయ్ బండోనికి తెలిసినందుకు ఇప్పటికీ ఉంది."

అందుకని నోటీసు ఇచ్చే ఆలోచన ఉంటే, ఇంటికి మెసేజ్ దానికంటే ముందు పోవాలె. మరి ఆ మెసేజ్‌ల నోటీసు గురించి, చట్టం గురించి రాయాల్నా? నేనయితే రాయనీయ. చట్టం నీకు తెలిసి ఉండాలె. అమ్మానాయినల ఇష్టం లేకపోవుడు ఆ నోటీసుకు అభ్యంతరంగ చెల్లదు, అదీ నీకు తెలిసి ఉండాలె. కానీ మొదటి మెసేజ్‌ల సెక్షన్ల నంబర్లు రాస్తే బిడ్డ రాసినట్టుండదు, వకీలు రాసినట్టుంటది.

ఇగ ఆఖరి సంగతి. ఇది చెప్పకుండ నేను దిగలేను. మన జిల్లాల ఉండి చెప్పకపోతే తప్పయితది. 2018 సెప్టెంబరుల మిర్యాలగూడల ఏమయిందో మీకందరికీ తెలుసు. కడుపుతోని ఉన్న భార్య పక్కన నడుస్తున్న పిల్లగాన్ని పట్టపగలు నరికిండ్రు. ఆ కేసుల ఇదే నల్లగొండ కోర్టు 2025 మార్చిల ఒకనికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. నేను ఇందాక చదివిన మెసేజ్ అలాంటి ఇంటికి పంపేది కాదు. అర్థమయిందా? మంచి మాటలతోని అన్ని ఇండ్లు దారికొస్తయని నేను అంటలేను.

ఎట్ల తెలుస్తది మరి? ఇంట్ల ఇంతకుముందు ఎవరన్నా ఇట్ల చేసుకుంటే వాళ్లనేం చేసిండ్రో చూడుండ్రి. తిట్టి మాట్లాడుడు బంద్ చేసుడు వేరే, కొట్టి గదిల పెట్టుడు వేరే. "నరుకుత" అన్న మాట కోపంల చానమంది అంటరు, కానీ పిల్లగాని ఊరు, డ్యూటీ టైము, బండి నంబరు ఆరా తీస్తుంటే అది కోపం కాదు. పిల్లను ఇంటికి రమ్మని, వచ్చినంక ఫోన్ గుంజుకునే ఇల్లయితే అది కూడా. అట్లాంటి ఇంటికి "శనివారం వస్త" అని రాయొద్దు, పోవద్దు. ముందుగాల బయట ఒకరికి తెల్వాలె, అందుకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, సఖి కేంద్రం ఉంది, ఆడపిల్లలకు 181 ఉంది, పానం మీదికొస్తే 112. మేజర్లయిన ఇద్దరు ఇష్టపడితే ఇంటోళ్ల, కులపెద్దల అనుమతి అక్కర్లేదని 2018లనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇట్లాంటి జంటలను కాపాడనీకి జిల్లాలల్ల ప్రత్యేక విభాగాలు పెట్టాలని కూడా చెప్పింది. అట్లాంటప్పుడు చెప్పే మాట ఏదున్నా, మీరు భద్రంగ ఉన్న చోటి నుంచి, మీరెక్కడున్నరో రాయకుండ చెప్పుండ్రి.

నా కాడికొచ్చిన పదకొండు మందిల ఇద్దరికి నేను మెసేజ్ రాయనీయలేదు. ఒకరికి చేసింది మంచిదే అయింది. ఇంకొకరి ఇంటి గురించి నేను ఎక్కువ భయపడ్డనేమో అని ఇప్పటికీ అనుమానం ఉంది నాకు.

ప్రశ్నల సమయం

ఒక తమ్ముడు అడుగుతుండు, మేడం, మా అమ్మకు చదువు రాదు, నాయిన లేడు, నేను వాయిస్ పంపొచ్చా అని. పంపొచ్చు తమ్ముడూ. మీ అమ్మ ఒక్కతే విననీకి అదే మంచిది, ఇంకొకరితోని చదివించుకునే పని లేదు. కానీ ముందు కాగితం మీద రాసుకో. చూసుకుంట మాట్లాడు, ఒక్క నిమిషం దాటనీకు. గొంతు వణికితే ఆపి మళ్ల చెయ్యి, కానీ మొత్తం ఏడుపు లేకుండ తుడిచెయ్యకు, మీ అమ్మకు నీ గొంతు తెలుసు. మొదటి మాట ఏమంటవు? చెప్పు. ఆ, "అమ్మా, నేను మంచిగున్న." గట్లనే.